బెంచీ మీద మామ్మ లేదు

హరితకు నలభై మూడేళ్ళు. పోర్ట్ బ్లెయిర్‌లోనే పుట్టింది. తాత శ్రీకాకుళం వైపు నుంచి వలకట్టతో ఓడెక్కి వచ్చినవాడు, తండ్రి ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. ఆమె విశాఖపట్నం వెళ్ళి మనస్తత్వశాస్త్రం చదువుకుని తిరిగొచ్చి, ఇక్కడి ఆసుపత్రిలో పిల్లల పరీక్షలు చేసే ఉద్యోగంలో చేరింది. బడిలో వెనకబడిన పిల్లల్ని దీవులన్నిటి నుంచీ ఆమె దగ్గరికి పంపుతారు. పిల్లవాడి తెలివి వయసుకు తగ్గట్టు ఉందా లేదా అన్నది ఆమె చూసి రాస్తుంది. ఆ కాగితాన్ని బట్టే వైకల్య సర్టిఫికెట్, దాన్ని బట్టే బడిలో చోటు.

ఊరి చివర బ్రూక్షాబాద్‌లో ఆమెది రెండు గదుల ఇల్లు. భర్త మనోజ్ షిప్పింగ్ ఆఫీసులో పనిచేసేవాడు. నాలుగేళ్ళ క్రితం చెన్నైకి బదిలీ అయింది. ఇద్దరూ పోట్లాడుకోలేదు, విడిపోదామని ఎవరూ అనలేదు. మొదట్లో రోజూ ఫోను చేసేవాడు, తర్వాత ఆదివారాలు చేసేవాడు. ఇప్పుడు పండగలకి చేస్తాడు. "తిన్నావా?" అంటాడు. "తిన్నా" అంటుంది. ఆ తర్వాత మాట దొరక్క ఇద్దరూ కాసేపు లైనులోనే ఉండిపోతారు. పగలంతా నోరు విప్పని పిల్లలతో మాట కలపడమే ఆమె పని. సాయంత్రం ఇంటికొచ్చి తాళం తీశాక, మళ్ళీ మర్నాడు ఆసుపత్రికి వెళ్ళేదాకా ఆమె గొంతు ఆమెకే వినపడని రోజులు చాలా ఉండేవి.

జూన్‌లో ఒక మంగళవారం, దక్షిణాన ఇంకో దీవిలోని హట్‌బే నుంచి గవరమ్మ అనే ముసలామె మనవరాలిని తీసుకుని వచ్చింది. పిల్ల పేరు సింధూరి, తొమ్మిదేళ్ళు. తండ్రి చిరంజీవి చేపల వేటకు పడవ మీద వెళ్ళాడు, తల్లికి చంటిబిడ్డ. అందుకని నాయనమ్మ వచ్చింది. ముందు రోజు ఓడ దిగి ఊళ్ళోనే డిగ్నాబాద్‌లో చుట్టాలింట్లో ఉన్నారు. తిరుగు ఓడ గురువారం పొద్దున్న. పిల్లకి రెండేళ్ళ కిందట ఇచ్చిన సర్టిఫికెట్ గడువు ముగిసింది. మళ్ళీ పరీక్ష చేయించుకు రమ్మని బడివాళ్ళు పంపారు.

"మా గుంట ఇంటికాడ ఒకటే వాగుడు మేడమ్. ఇస్కూల్ గేటు దాటిందంటే నోరు కుట్టేసినట్టే," అంది గవరమ్మ.

హరిత గది ఒకప్పుడు సామాన్లు వేసుకునే కొట్టు. కిటికీ బయట గోడ. చిన్న బల్ల, రెండు చిన్న కుర్చీలు, ఒక బీరువా. పిల్లకి ఎదురుగా కూర్చుంటే మేష్టారి ముందు కూర్చోబెట్టినట్టుంటుందని, బల్ల మూలకి పక్కవాటుగా కూర్చోవడం ఆమె అలవాటు. గవరమ్మ బయట బెంచీ మీద కూర్చుంది. సింధూరి లోపలికి వచ్చింది, కుర్చీలో కూర్చుంది, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది.

"ఆడుకుందామా?" అని హరిత అడగలేదు. అలా అడిగితే వద్దనడానికి పిల్లకి హక్కిచ్చినట్టే, ఆ తర్వాత ఆ మాట తోసేయడం అన్యాయం. "నా పేరు హరిత. ఇక్కడ కొన్ని బొమ్మలు, కొన్ని పజిళ్ళు ఉన్నాయి. కొన్ని తేలికవి, కొన్ని పెద్దపిల్లలకి పెట్టేవి. అన్నీ ఎవరికీ రావు," అని చెప్పింది. "ముందు గీద్దాం. నీలం పెన్సిలా, ఎర్రదా?"

పిల్ల పెన్సిళ్ళ వైపు చూడలేదు. తలుపు వైపు చూసింది.

పొద్దున్న ఏమైనా తిన్నదా, బాత్రూముకి వెళ్ళాలా, ఒంట్లో బాగుందా అన్నవి హరిత ముందే కనుక్కుంది. వినికిడి బాగానే ఉందని కాగితం కూడా ఉంది. ఆమె ఇంకేమీ అడగలేదు. తనే నీలం పెన్సిల్ తీసుకుని పడవ బొమ్మ వేయడం మొదలుపెట్టింది. "ఇది పడవ. ఇంజను ఎటువైపు పెట్టాలో నాకు తెలీదు. ఇటు పెడుతున్నా," అని తనలో తాను అనుకుంటున్నట్టు చెప్పుకుపోయింది. ఇంజను ముక్కు వైపు పెట్టింది. పిల్ల కళ్ళు ఒక్కసారి ఆ కాగితం మీదికి వచ్చి, మళ్ళీ తలుపు మీదికి పోయాయి. చేతులు మాత్రం తొడల కిందే ఉన్నాయి.

పావుగంట గడిచింది. గవరమ్మ తలుపు సందులోంచి చూసి ఆగలేకపోయింది. "సెయ్యవే! సెయ్యకపోతే మేడమ్ సూది ఏస్తాది!"

"మామ్మా, సూది మాటొద్దు," అంది హరిత లేచి. "ఈ గదిలో సూది లేదు. లేనిదాన్ని చూపించి భయపెడితే రేపు నా మాట కూడా నమ్మదు."

మరో పావుగంట అయ్యాక హరిత పెన్సిల్ పక్కన పెట్టింది. పిల్ల మొండికేసి కూర్చున్నప్పుడు బతిమాలడం, బిస్కెట్టు ఆశ పెట్టడం, గద్దించడం, ఈ మూడూ పనికిరావని ఆమెకి తెలుసు. ఒకవేళ దాంతో పిల్ల చెయ్యి కదిలినా, ఆ చెయ్యి తెలిసి చేసిందో భయపడి చేసిందో చెప్పలేం. "ఇవాళ్టికి చాలు సింధూరీ. నేను నీ మీద కోపంగా లేను. రేపు మళ్ళీ వస్తావు," అంది.

గవరమ్మ బెంగపడింది. "గురువారం ఓడెక్కాల మేడమ్. కాయితం ఎప్పుడిస్తావు మరి?"

పైడాక్టరు దక్షిణామూర్తి కూడా మధ్యాహ్నం అదే అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, తీరిక లేనివాడు. "పాత రిపోర్టు ఉంది కదమ్మా. మార్పేమీ కనపడలేదని రాసి పంపించెయ్యండి."

పాత రిపోర్టు తీద్దామని హరిత సాయంత్రం బీరువా తెరిచింది. పొద్దున్న పిల్ల మొహం చూసినప్పుడు ఆమెకేమీ గుర్తు రాలేదు. ఏడాదికి రెండు మూడొందలమంది వస్తారు. ఫైలు తెరిచాక తన చేతిరాతే కనిపించింది. తెలివి కొలత కింద, మామూలుగా వంద చుట్టూ ఉండాల్సిన చోట, నలభై ఆరు అని ఉంది. కింద సంతకం తనదే.

లోపలి కాగితాలు తిప్పింది. మొదటి నాలుగు ప్రశ్నలకి జవాబులున్నాయి, నాలుగూ బాగానే ఉన్నాయి. అయిదో దగ్గర్నుంచి సున్నాలు. ఒక పేజీ సున్నాలు, రెండో పేజీ సున్నాలు. చేతకాక వదిలేసినా సున్నాయే, చెయ్యను అని కూర్చున్నా సున్నాయే అన్నట్టు ఒకే వరసలో దిగిపోయాయి. అంచున చిన్న అక్షరాల్లో, "మాటిమాటికీ తలుపు వైపు చూస్తోంది. సహకారం తక్కువ," అని రాసి ఉంది. అంతే. ఎందుకు చూస్తోందో రాయలేదు. ఇంట్లో ఈ పిల్ల ఏం చేస్తుంది, ఏం మాట్లాడుతుంది అని పెద్దవాళ్ళని అడిగి రాయాల్సిన కాగితం సగం ఖాళీగా ఉంది. తారీఖు చూసింది. ఆ వారం ఏమైందో గుర్తు తెచ్చుకోబోయింది. ఏమీ కాలేదు. మామూలు వారమే. త్వరగా ముగించాలనిపించిన వారం, అంతే.

ఆమె ఫైలు బ్యాగులో పెట్టుకుని, అబర్డీన్ బజార్‌లో బస్సు దిగి, డిగ్నాబాద్ దాకా నడిచి వెళ్ళింది. గవరమ్మ దిగిన ఇల్లు ఒక చుట్టానిది. పిల్ల లోపల గదిలో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతోంది. పిల్లి పిల్లకి పాలు పొయ్యొద్దు, దానికి చేప తలకాయ పెట్టు అని వాదిస్తోంది. హరిత గుమ్మం దగ్గరే ఆగి విన్నది. ఆమె గవరమ్మని పిలవగానే లోపల మాట ఆగిపోయింది.

"మామ్మా, రెండేళ్ళ కిందట వచ్చినప్పుడు ఏమైంది? నాకు గుర్తు లేదు. మీకుందా?" అని వీధి అరుగు మీద కూర్చుని అడిగింది.

"లేకేం. నువ్వు దీనికి సెప్పినావు, మీ మామ్మ ఈ బెంచీ మీదే కూకుంటాది, నువ్వొచ్చేదాకా ఎక్కడికీ ఎల్లదు అని. తరవాత మీ ఆసుపత్రి బంట్రోతు యర్రయ్య బాబు వచ్చి, మేడమ్ స్టాంపు ఏయించుకు రమ్మంటంది అని నన్ను అవతలి బిల్డింగుకి తోలినాడు. పెద్ద లైను. ఈ గుంట తలుపు తీసి సూసినాదట, నాను లేను. నువ్వేమో వస్తాదిలే, ముందిది సెయ్ అని తలుపేసినావంట. ఆ రేత్రి పడుకునేముందు సెప్పినాది నాతోటి. మరి నాను సదువు లేనిదాన్ని, మేడమ్‌ని ఏటంటాను?"

హరిత ఫైల్లోని ఆ సగం ఖాళీ కాగితం తీసి, ఇంట్లో సింధూరి ఏమేం చేస్తుందో ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. చేప తోముతుంది. దుకాణానికెళ్ళి నాలుగు సరుకులు గుర్తుపెట్టుకుని తెస్తుంది, చిల్లర సరిగ్గా లెక్క చూసుకుంటుంది. తమ్ముడికి జోల పాడుతుంది. వాన వచ్చేలా ఉంటే ఎండు చేపలు ఎవరూ చెప్పకుండానే లోపలికి తెస్తుంది.

"బడిలో ఏం చేస్తున్నారు?"

"వెనకాల కూకోబెడతారు. పరీచ్చ కాయితం కూడా ఇవ్వరు. దీనికి రాదు, సర్టిఫికెట్టులో ఉంది అంటారు."

ఇంటికొచ్చి హరిత అన్నం వండుకోలేదు. ఎవరికైనా ఈ సంగతి చెప్పాలనిపించింది. ఫోను చేతిలోకి తీసుకుని, మనోజ్ పేరు దాకా వెళ్ళింది. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. సింధూరి ఎవరో చెప్పాలి, సున్నా అంటే ఏమిటో చెప్పాలి, అంతా విని అతను "అయ్యో" అంటాడు. ఫోను పక్కన పెట్టేసింది.

బుధవారం పొద్దున్న యర్రయ్య చేత ఒక కుర్చీ తెప్పించి గది లోపలే తలుపు పక్కన వేయించింది. సింధూరి తల ఎత్తితే కనపడే చోటది. "మామ్మా, మీరు ఇక్కడే కూర్చోండి. మాట సాయం వద్దు, కళ్ళతో సైగ కూడా వద్దు. పిల్ల తప్పు చేసినా, ఒప్పు చేసినా మీ మొహం ఒక్కలాగే ఉండాలి. ఎవరు పిలిచినా లేవకండి. నేను పిలిచినా లేవకండి."

తర్వాత బల్ల మూలన కూర్చుంది. పిల్ల చేతులు మళ్ళీ తొడల కిందకి పోయాయి.

"సింధూరీ, నీకో మాట చెప్పాలి. నువ్వు చిన్నప్పుడు ఇక్కడికి వచ్చావు. మామ్మ బయటే ఉంటుందని నీకు నేను చెప్పాను. తర్వాత నేనే ఆమెని వేరేచోటికి పంపించాను. నీకు చెప్పలేదు. నువ్వు తలుపు తీస్తే ఆమె లేదు. నేను చేసింది తప్పు. నీకు భయమేసి ఉంటుంది."

పిల్ల కదలలేదు. హరిత జవాబు కోసం ఎదురు చూడలేదు, క్షమించమని అడగనూ లేదు. ఆ బరువు తొమ్మిదేళ్ళ పిల్ల మీద పెట్టకూడదనుకుంది. "మామ్మని చూడాలనిపిస్తే వెళ్ళి చూసి రా. నన్ను అడగక్కర్లేదు. చాలనిపిస్తే ఈ ఎర్ర అట్ట నా వైపు తొయ్యి, ఆపేస్తాను," అని ఒక అట్టముక్క బల్ల మీద పెట్టింది.

పిల్ల వెంటనే చెయ్యి తీసి ఎర్ర అట్టని తోసింది.

"సరే. ఆపాం," అంది హరిత. నిజంగానే ఆపింది. కాగితాలు మూసేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఫ్యాను తిరుగుతోంది. సింధూరి లేచి తలుపు దగ్గరికి వెళ్ళి, మామ్మ మోకాలి మీద చెయ్యి వేసి, హరిత మొహం వైపు చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. రెండు నిమిషాలకి వచ్చి కూర్చుంది. ఈసారి చేతులు బల్ల మీద పెట్టింది.

హరిత మాటలు అక్కర్లేనిదాంతో మొదలుపెట్టింది. చెక్క పలకలో రకరకాల ఆకారాల గుంటలుంటాయి, వాటిలో సరిపోయే చెక్కముక్కలు వీలైనంత త్వరగా పెట్టాలి. చెప్పాల్సిన మాటలు పుస్తకంలో ఉన్నట్టే చెప్పి గడియారం నొక్కింది. పిల్ల మొదటిసారి నెమ్మదిగా పెట్టింది. రెండోసారి వేగం పెరిగింది. మూడోసారి ముక్కలు టకటకా పడ్డాయి. "శ్రద్ధగా చేస్తున్నావు," అంది హరిత. సరిగ్గా చేశావని మాత్రం అనలేదు. ఒకసారి ఒప్పు అని చెప్తే, చెప్పని ప్రతిసారీ తప్పనే పిల్లకి అర్థమవుతుంది.

తర్వాత బొమ్మల పుస్తకం. ఒక్కో పేజీలో ఒక నమూనా, దాంట్లో ఒక ముక్క ఖాళీ. కింద ఉన్న ఆరింట్లో ఏది సరిపోతుందో వేలితో చూపిస్తే చాలు. సింధూరి వేలు ఒక్కో పేజీ మీద ఆగి, ఆలోచించి, దిగుతోంది. మధ్యలో ఒక పేజీ దగ్గర చాలాసేపు చూసి, పుస్తకం మూసేసింది.

ఇక్కడే హరిత జాగ్రత్తపడింది. ఇది నిన్నటి మొండితనం కాదు. నిన్న పిల్ల పుస్తకం చూడనే లేదు. ఇప్పుడు చూసింది, తెలియలేదు, తప్పయితే ఏమవుతుందోనని మూసింది. "ఇది కష్టమైనదే. పెద్దపిల్లలు కూడా ఆగిపోతారు. తెలీకపోతే నీకేది అనిపిస్తే అది చూపించొచ్చు. లేదా తెలీదని తల ఊపు. తర్వాతది చూద్దాం." పిల్ల పుస్తకం తనే తెరిచింది. ఆ పేజీ మీద ఒక ముక్క చూపించింది. హరిత రాసుకుని పేజీ తిప్పింది.

ఆఖర్న మాటలతో చెప్పాల్సిన ప్రశ్నలు. మొదటిది అడగ్గానే సింధూరి పెదవులు బిగుసుకున్నాయి. హరిత ఆగింది, మరోసారి నెమ్మదిగా అడిగింది. పిల్ల లేచి వెళ్ళి మామ్మ చెవిలో ఏదో గుసగుసలాడింది.

గవరమ్మ మొహం వెలిగిపోయింది. "ఇదిగో మేడమ్, సెప్పేసినాది!" అని జవాబు బయటపెట్టింది. ఆ వెంటనే, మాట తప్పానని చేత్తో నోరు మూసుకుంది.

హరిత నవ్వింది. ఆ జవాబుకి మార్కు వేయడానికి లేదు, అది పిల్ల నోటి నుంచి పరీక్ష చేసేవాళ్ళకి రావాలి. దాన్ని పక్క కాగితం మీద విడిగా రాసుకుంది. మరో ప్రశ్న అడిగి చూసింది, పిల్ల ఎర్ర అట్ట మీద వేలు పెట్టింది. "ఆపేద్దాం," అంది హరిత. ఆ గళ్ళలో ఈసారి సున్నా పడలేదు. "జవాబివ్వడానికి ఇష్టపడలేదు" అని రాసింది.

సాయంత్రానికి రిపోర్టు తయారైంది. మాటలు అక్కర్లేని పరీక్షల్లో పిల్ల తెలివి వయసుకు తగినట్టే ఉంది. మాటల పరీక్ష జరగలేదు కనుక దాని మీద ఏ అంకె వెయ్యడానికీ వీల్లేదు. ఇంట్లో మాట్లాడి బడిలో మాట్లాడకపోవడం మందమతి లక్షణం కాదు, దాన్ని విడిగా డాక్టరుకి చూపించాలి. మాట్లాడమని బలవంతపెట్టకూడదు, రాసో చూపించో చెప్పే అవకాశం ఇవ్వాలి, పరీక్ష కాగితం ఇవ్వాలి. చివర ఇంకో వాక్యం రాసింది: రెండేళ్ళ క్రితం వేసిన అంకె చెల్లదు, పిల్ల నిరాకరించినవాటిని తెలియనివిగా లెక్కించడం పరీక్ష చేసినవారి పొరపాటు.

దక్షిణామూర్తి రెండుసార్లు చదివాడు. "ఆ చేసినవారు మీరే కదమ్మా."

"అవును సార్."

"ఆ పిల్ల ఇంటివాళ్ళు ఊహించనైనా ఊహించరు. రాయకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"వాళ్ళ బడికి తెలియాలి సార్. ఆ అంకె అక్కడ గోడకి మేకుతో కొట్టినట్టుంది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సంతకం పెట్టాడు. "మీకు సంజాయిషీ నోటీసు రావచ్చు," అన్నాడు మెల్లగా.

గురువారం ఓడెక్కే ముందు గవరమ్మ వచ్చి కాగితం తీసుకుంది. దాని వెనక తన ఫోను నంబరు రాసిచ్చి, అందులో ఏముందో హరిత విడమరిచి చెప్పింది. ముసలామె సంతోషిస్తుందనుకుంది. గవరమ్మ కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో మడిచి పెట్టుకుంది.

"అంటే మా గుంటకి బుర్ర బాగానే ఉన్నాది."

"బాగానే ఉంది మామ్మా."

"మరి రెండేళ్ళు దాన్ని ఎర్రిదాని కింద జమకట్టేసినారు. నానూ అలాగే అనుకున్నాను. ఎవరైనా అంటే, పాపం దానికి తెలీదు అనేదాన్ని." కళ్ళు తుడుచుకుంది. "సర్లే అమ్మా. ఇప్పుడైనా సెప్పినావు." హరితని అమ్మ అనడం అదే మొదటిసారి. సింధూరి గుమ్మం దగ్గర నిలబడి, సంచి పట్టుకుని, ఇటు చూడకుండా ఉంది.

నోటీసు వచ్చింది. హరిత ఉన్నదున్నట్టు జవాబు రాసింది. ఆ తర్వాత నెల రోజులు సాయంత్రాలు గదిలోనే ఉండి బీరువాలో పాత ఫైళ్ళన్నీ తీసి చూసింది. వరసగా సున్నాలున్నవి, అంచున "సహకారం తక్కువ" అని ఉన్నవి, తన చేతిరాతలో ఇంకో పదకొండు దొరికాయి. పిల్లల్ని మళ్ళీ పరీక్షకి తీసుకురమ్మని పదకొండు ఇళ్ళకీ ఉత్తరాలు రాసింది. దిగ్లీపూర్ నుంచి ఒకరు, మాయాబందర్ నుంచి ఇద్దరు వచ్చారు. రెండు ఉత్తరాలు చిరునామా దొరకలేదని తిరిగొచ్చాయి. మిగిలినవాళ్ళ నుంచి ఏ కబురూ లేదు. వాళ్ళ పిల్లల పేర్లు ఆమెకి కంఠతా వచ్చేశాయి. బస్సులో కూర్చుంటే ఒక్కొక్కటే గుర్తొచ్చేవి. ఎవరికీ చెప్పుకోలేదు.

నవంబరులో ఒక ఆదివారం ఫోను మోగింది. మనోజ్ అనుకుని తీసింది. గవరమ్మ.

"అమ్మా, మా గుంటకి పరీచ్చ కాయితం ఇచ్చినారు. లెక్కల్లో బాగా రాసినాదని టీచరు సెప్పినాది. ఇస్కూల్లో నోరు మట్టుకు ఇప్పలేదు. ఇదిగో ఇక్కడే ఉంది, మాటాడతాదేమో సూడు. ఒసే, మేడమ్‌తోటి మాటాడవే!"

"వద్దు మామ్మా, బలవంతపెట్టకండి. ఊరికే ఫోను దాని చేతికివ్వండి చాలు."

ఫోను చేతులు మారిన చప్పుడు. తర్వాత చిన్న ఊపిరి, దగ్గరగా. వెనకాల ఎక్కడో కోడి, చంటివాడి ఏడుపు, గాలి.

"సింధూరీ, నేను హరితని. నువ్వేం చెప్పక్కర్లేదు. ఇక్కడ వాన పడుతోంది. నేను ఇందాకే టీ పెట్టుకున్నా," అని చెప్పి, ఆమె కూడా ఊరుకుంది.

అవతల ఊపిరి ఆగలేదు, ఫోను పెట్టేయలేదు. హరిత వంటింటి గుమ్మంలో నేల మీద కూర్చుని, చల్లారిపోతున్న టీ గ్లాసు పక్కన పెట్టుకుని, సిగ్నల్ తెగిపోయేదాకా వింటూ ఉండిపోయింది.